అకౌంట్ అద్దెకిస్తావా అని అడిగారు: మా ఇంట్లో జరిగింది

మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న టౌన్. నాకు బస్టాండు దగ్గర మొబైల్ షాపు ఉంది. షాపు పేరు మీద కరెంట్ అకౌంటు, గల్లా పక్కన క్యూఆర్ స్టాండు, సౌండ్ బాక్సు, అందరికీ ఉన్నట్టే. మా వైపు ఐపీఎల్ వచ్చిందంటే సాయంత్రం ఏడున్నర నుంచి పాన్ షాపుల దగ్గర మాట్లాడే మాటలే మారిపోతాయి. ఐడీ ఎవరిది, రేటు ఎంత, లోడ్ చేశావా లేదా, ఇవే. కాబట్టి బెట్టింగ్ మాట వినగానే ఉలిక్కిపడే రకం కాదు నేను. కానీ బెట్టింగ్ వాళ్ళకి నా అకౌంటుతో పనేమిటో నిరుడు వేసవి వరకూ తెలీదు.

అడిగినవాడు బయటివాడు కాదు. ఒకప్పుడు ఫైనాన్స్ కంపెనీకి కలెక్షన్ చేసేవాడు, నా దగ్గరే రీచార్జులు చేయించుకునేవాడు. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి కూర్చుని, "అన్నయ్యా, మీ కరెంట్ అకౌంటులో నెలకి ఎంత తిరుగుద్ది?" అన్నాడు. లోన్ ఏదైనా ఇప్పిస్తాడేమో అనుకున్నాను. కాదు. అకౌంటు అద్దెకి కావాలట.

రేట్లు చెప్పాడు. సేవింగ్స్ అయితే ముందు ఐదు వేలు, ఆ తర్వాత నెలకి ఎనిమిది వేలు. కరెంట్ అయితే నెల లెక్క కాదు, తిరిగిన ప్రతి లక్షకీ వెయ్యి. కరెంట్ అకౌంటుకి అంత విలువ ఎందుకంటే లిమిట్లు ఎక్కువ, పైగా షాపు అకౌంటులోకి రోజంతా చిన్న చిన్న మొత్తాలు పడుతుంటే బ్యాంకుకి వెంటనే అనుమానం రాదు. సేవింగ్స్ ఇచ్చేవాళ్ళయితే పాస్‌బుక్, చెక్‌బుక్, ఏటీఎం కార్డు, పిన్, నెట్ బ్యాంకింగ్ ఐడీ, ఆ అకౌంటుకి లింకు చేసిన సిమ్, అన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చేయాలి. దాన్ని వాళ్ళు 'కిట్' అంటారు. నాకైతే సిమ్ ఇవ్వక్కర్లేదట, షాపు నంబరు కాబట్టి. దాని బదులు వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు పంపుతారు, అది ఫోన్లో వేసుకుని మెసేజీలు చదివే పర్మిషన్ ఇస్తే చాలు, ఓటీపీలు వాటంతటవే వాళ్ళకి వెళ్ళిపోతాయి.

"డబ్బు ఎవరిది?" అన్నాను.

"బెట్టింగ్ డబ్బే అన్నయ్యా. ఆడేవాడు తనిష్టంతో ఆడుతున్నాడు. ఎవర్నీ మోసం చేసింది కాదు."

"మరి వాళ్ళ అకౌంట్లే వాడుకోవచ్చుగా?"

"వాళ్ళకి రోజుకి పది అకౌంట్లు కావాలి."

"పదెందుకు?"

"కొన్ని ఆగిపోతుంటాయి కదా."

ఆ ఆఖరి మాటలోనే అంతా ఉంది. ఆగిపోవడం వాళ్ళ వ్యాపారంలో రోజువారీ ఖర్చు. ఆగిన అకౌంటు వాళ్ళకి పోయిన సరుకు లాంటిది, ఇంకోటి తెచ్చుకుంటారు. దాని మీద పేరున్నవాడికి మాత్రం ఇంకో పేరు ఉండదు. నేను అంత దూరం వాదించలేదు. "నా పాన్ మీద కోటి రూపాయలు తిరిగితే ఆడిటర్‌కి ఏం చెప్పమంటావు, జీఎస్టీ వాళ్ళకి ఏం చెప్పమంటావు" అన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు. అతను మా పిన్ని కొడుకుని కూడా అడిగాడని అప్పుడు నాకు తెలీదు.

చట్టం మాట ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేకుండా. ఆంధ్రప్రదేశ్‌లో గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించారు, తెలంగాణలో 2017లోనే ఆ పని చేశారు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, డబ్బు పెట్టి ఆడే ఆటలకి చెల్లింపులు జరగనివ్వడం కూడా నేరమే అంది. అంటే ఆ డబ్బు నిజంగా ఒట్టి బెట్టింగ్ డబ్బే అయినా అకౌంటు ఇచ్చినవాడు క్షేమం కాదు. కానీ మా వాడిని ముంచింది బెట్టింగ్ కేసు కాదు. అదే ఈ కథలో అసలు సంగతి.

మా పిన్ని కొడుకుని ఇంట్లో చిన్నోడు అంటాం. డిగ్రీ చివరి సంవత్సరం. నా షాపులోనే అరువు మీద 18,500 పెట్టి ఫోను తీసుకున్నాడు, కొంచెం కొంచెంగా ఇస్తానన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం సౌండ్ బాక్సు మోగింది, ఎనిమిది వేలు. పంపిన పేరు వాడిదే. వెంటనే వాట్సాప్‌లో "అన్నయ్యా 8000 వచ్చాయా చూడు" అని మెసేజీ. ఖాతా పుస్తకంలో జమ రాసుకుని మర్చిపోయాను.

కొన్నాళ్ళకి డిస్ట్రిబ్యూటర్‌కి నలభై వేలు పంపబోతే బ్యాలెన్సు చాలదని వచ్చింది. యాప్‌లో చూస్తే 41,230 కనిపిస్తోంది. రెండోసారి కొట్టినా అదే. నాకు వింతగా అనిపించి వివరాల్లోకి వెళ్తే రెండు అంకెలు ఉన్నాయి. మొత్తం బ్యాలెన్సు 41,230, వాడుకోగలిగేది 33,230. తేడా సరిగ్గా ఎనిమిది వేలు. ఎవరికైనా ఇలా తేడా కనిపిస్తే సర్వర్ ప్రాబ్లం అనుకుని ఊరుకోవద్దు, అది హోల్డు. బ్యాంకు భాషలో లీన్ అంటారు.

బ్రాంచికి వెళ్తే ఆఫీసర్ మేడం స్క్రీన్ చూసి ఒక పొడుగు నంబరు కాగితం మీద రాసిచ్చారు. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఎవరో ఇచ్చిన ఫిర్యాదు నంబరు అది. పక్కనే మహారాష్ట్రలో ఒక సైబర్ పోలీస్ స్టేషన్ పేరు, మెయిల్ ఐడీ. "ఈ ఎనిమిది వేలు మీకు ఎవరు పంపారండీ?" అన్నారు. మా తమ్ముడు అన్నాను. "అయితే మీ తమ్ముడి అకౌంటుని ఒకసారి కనుక్కోండి" అన్నారు, అంతకంటే ఏమీ చెప్పలేదు. వాళ్ళు చెప్పగలిగింది కూడా అంతే.

ఆ సాయంత్రం చిన్నోడిని షాపుకి పిలిచి షట్టర్ సగం దించి అడిగాను. కాసేపు నసిగి చెప్పేశాడు. కాలేజీ దగ్గరి బ్యాంకులో ఉన్న సేవింగ్స్ అకౌంటు కిట్ ఆ కలెక్షన్ అబ్బాయికి ఇచ్చాడట. వాడి ఆధార్ మీదే కొత్త సిమ్ తీసి, అకౌంటులో ఫోన్ నంబరు దానికి మార్పించి, ఆ సిమ్ కూడా ఇచ్చాడట. అద్దె ఎనిమిది వేలు తన చేతికి వద్దు, నేరుగా అన్నయ్య షాపుకి వేసేయండి అన్నాడట. అందుకే నాకు వాడి పేరుతో వచ్చింది. పంపింది మాత్రం ఎక్కడో కూర్చున్న ఎవడో.

చిన్నోడి అకౌంటు నుంచి డబ్బు తీయడం అప్పటికే ఆగి ఉంది. కార్డు, యాప్ వాడి దగ్గర లేవు కాబట్టి వాడికే తెలీదు. కిట్ తీసుకున్న ఆ ఏజెంటుకి తెలుసు. తెలిసి, "ఇంకో బ్యాంకులో ఓపెన్ చెయ్, దానికి పదివేలు ఇస్తాం" అని మెసేజీ పెట్టాడు. ఆ తర్వాత నంబరు స్విచ్ ఆఫ్.

ముందు చేసిన పని డూప్లికేట్ సిమ్ తీయడం. సిమ్ వాడి ఆధార్ మీద ఉంది కాబట్టి వాడి వేలిముద్రతోనే వచ్చింది. కొత్త సిమ్ పనిచెయ్యడం మొదలవగానే అవతల వాళ్ళ దగ్గరున్నది చచ్చిపోతుంది, ఒక రోజు ఆగాక మెసేజీలు, ఓటీపీలు ఇటు వస్తాయి. మర్నాడు మ్యాచ్ ఉంది. సిమ్ వేసిన ఫోను టేబుల్ మీద పెట్టాం. ఏడున్నర దాటాక మొదలైంది. 500 జమ. 300 జమ. 2,000 జమ. మళ్ళీ 500. మేము ఎప్పుడూ వినని పేర్లు. డెబిట్ ఫ్రీజ్ అంటే డబ్బు బయటికి పోదు, లోపలికి రావడం ఆగదు. వాళ్ళ యాప్‌లో డిపాజిట్ పేజీ మీద ఎవరో ఇంకా చిన్నోడి అకౌంటు నంబరు తీసెయ్యలేదన్నమాట. చిన్నోడు ఆ మెసేజీలు చూస్తూ "అన్నయ్యా, వీళ్ళంతా రేపు నన్ను అడుగుతారా?" అన్నాడు. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ మర్నాడు బ్రాంచిలో రిక్వెస్టు లెటర్ ఇచ్చి స్టేట్‌మెంటు తీసుకున్నాం. కట్ట వచ్చింది. ఏళ్ళ తరబడి మూడు నాలుగు వందలు ఉండే అకౌంటులో రోజుకి వందల లావాదేవీలు. సాయంత్రం చిన్న చిన్న జమలు, అర్ధరాత్రి దాటాక బ్యాలెన్సు దాదాపు సున్నా. ఇవి బెట్టింగ్ ఆడేవాళ్ళ డిపాజిట్లు, ఇందులో ఆశ్చర్యం లేదు. ఒక పేజీలో మాత్రం మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఒకే జమ ఉంది. 95,000. పంపింది మహారాష్ట్రలో ఒక వ్యక్తి. దాని కిందే రెండు నిమిషాల్లో 49,000 ఒక అకౌంటుకి, 25,000 ఇంకో అకౌంటుకి వెళ్ళాయి. ఆ కింద 8,000 మా షాపు పేరు మీద. ఆ తర్వాత 2,500, 1,200, 4,000 ఇలా చిన్న మొత్తాలు రకరకాల పేర్లకి. పావుగంటలో 95 వేలూ ఖాళీ.

ఆ 95 వేలు పంపిన ఆయన బెట్టింగ్ ఆడలేదు. షేర్లలో లాభాలు అంటూ వాట్సాప్ గ్రూపులో చేర్చి మోసం చేస్తారు చూడండి, ఆ బాపతు మోసంలో పోగొట్టుకున్న డబ్బు అది. తర్వాత పోలీసులు చెప్పారు. ఆయనకి 'ఈ అకౌంటులో వేయండి' అని ఇచ్చిన నంబరు చిన్నోడిది.

బెట్టింగ్ అకౌంటులోకి మోసం డబ్బు ఎందుకు వచ్చింది? నాకు అర్థమైంది ఇది. అకౌంట్లు సేకరించేవాడు వేరు, వాడుకునేవాడు వేరు. సేకరించినవాడు కిట్టుని పైవాడికి అమ్ముతాడు, పైవాడు ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకిస్తాడు. ఒకే అకౌంటు సాయంత్రం బెట్టింగ్ పేజీ మీద, మధ్యాహ్నం మోసగాళ్ళ చేతిలో ఉండొచ్చు. ఇంకో దారి కూడా ఉంది, అది ఇంకా తెలివైనది. మోసగాడు తనే బెట్టింగ్ ఐడీ తీసుకుని, డిపాజిట్ పేజీలో కనిపించిన నంబరుని బాధితుడికి ఇస్తాడు. బాధితుడు వేసిన డబ్బు మోసగాడి ఐడీలో పాయింట్లుగా పడుతుంది. వాడు కాస్త ఆడినట్టు చేసి విత్‌డ్రా కొడితే వేరే అకౌంటు నుంచి 'గెలుపు డబ్బు' వస్తుంది. బాధితుడి డబ్బేమో నిజంగా గెలిచిన ఎవరో కుర్రాడికి పోతుంది. అంటే బెట్టింగ్‌లో రెండున్నర వేలు గెలిచానని సంబరపడ్డవాడి అకౌంటు కూడా ఆగుతుంది. ఎవర్నీ మోసం చేసింది కాదు అన్న ఏజెంటు మాట వాడికే తెలియకుండా అబద్ధం కావచ్చు, తెలిసీ కావచ్చు. ఎలా అయినా తేడా లేదు.

ఫ్రీజ్ ఎలా పాకుతుందో కూడా ఈ స్టేట్‌మెంటులోనే కనిపిస్తుంది. మోసపోయినవాళ్ళు 1930కి ఫోన్ చేస్తారు, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెడతారు. ఆ ఫిర్యాదు డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తుంది. ఆ బ్యాంకు అకౌంటులో ఎంత మిగిలి ఉంటే అంత పట్టి ఉంచి, మిగతాది ఏ ఏ అకౌంట్లకి పోయిందో పోర్టల్లో నింపుతుంది. అప్పుడు ఆ బ్యాంకులకి కబురు వెళ్తుంది, వాళ్ళూ అదే చేస్తారు. మొదటి అకౌంటుని లేయర్ వన్ అంటారు, తర్వాతవి టూ, త్రీ. చిన్నోడు లేయర్ వన్. నేను, ఆ 49 వేల అకౌంటు, గెలిచిన కుర్రాళ్ళు అందరం లేయర్ టూ. పోర్టల్‌కి నేను షాపువాడినని తెలీదు, 95 వేలు వచ్చాక బయటికి పోయిన వరసలో నా అకౌంటు ఉందని మాత్రమే తెలుసు.

నా సంగతి ముందు చెప్తాను, అది తేలిక. ఎనిమిది వేలు వదులుకుంటే త్వరగా క్లియర్ అయిపోతుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను వదల్లేదు. ఫోను అమ్మిన బిల్లు ఉంది, దాని మీద ఐఎంఈఐ నంబరు, తేదీ, చిన్నోడి పేరు ఉన్నాయి. ఖాతా పుస్తకంలో అరువు రాసిన పేజీ, వాడి వాట్సాప్ మెసేజీ, జీఎస్టీ సర్టిఫికెట్, ఆధార్, ఆరు నెలల స్టేట్‌మెంటు, వీటన్నిటికీ ఒక పేజీ వివరణ జోడించి ఆ స్టేషన్ మెయిల్‌కి పంపాను. ఫిర్యాదు నంబరు సబ్జెక్టు లైన్లోనే పెట్టాను, అది లేకపోతే అవతల వాళ్ళకి ఏ కేసో తెలీదు. అదే కాపీ స్పీడ్ పోస్టులో, ఇంకోటి మా బ్రాంచిలో రసీదు తీసుకుని ఇచ్చాను. తర్వాత ఫోన్లు. నా హిందీ అంతంత మాత్రం. దర్యాప్తు చేసే ఆయన మాత్రం ఓపికగానే మాట్లాడారు, ఫోను నిజంగా ఎవరి చేతిలో ఉందని అడిగి చిన్నోడి ఫోను ఐఎంఈఐ ఫొటో పంపమన్నారు. చివరికి హోల్డు తీసెయ్యమని బ్యాంకుకి మెయిల్ పెట్టారు. పట్టింది వారాలు. ఆ మధ్యలో మిగతా డబ్బు వాడుకోగలిగాను కాబట్టి షాపు ఆగలేదు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. కొన్ని బ్యాంకులు ఫిర్యాదులో ఉన్న మొత్తం వరకే ఆపకుండా అకౌంటు మొత్తం ఆపేస్తాయి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లోనే చెప్పింది. నా పక్క షాపు ఆయనకి చిన్న మొత్తం కోసం అకౌంటంతా ఆగితే, వకీలు ఆ తీర్పుని పేర్కొంటూ బ్యాంకుకి లెటర్ రాయించాడు. పోలీసుల అధికారం మాత్రం నిజమైనదే. నేరంతో సంబంధం ఉందని అనుమానం ఉన్న ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి పాత సీఆర్పీసీలో 102 సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో అది 106.

ఇక చిన్నోడి సంగతి. దర్యాప్తు ఆయన నన్ను అడిగిందీ వాడిని అడిగిందీ ఒకే ప్రశ్న. ఈ డబ్బు మీకు ఎందుకు వచ్చింది? నా దగ్గర దానికి బిల్లు ఉంది. వాడి దగ్గర ఏముంది? 95 వేలు ఎవరు వేశారో తెలీదు, ఎవరికి పోయిందో తెలీదు, అద్దె తీసుకున్నానని చెప్పాలి. అలా చెబితే తెలిసి ఇచ్చినట్టు. నాకు తెలీదు, కార్డు పోయింది అంటే, కార్డు పోతే బ్యాంకుకి ఎందుకు చెప్పలేదు, ఫోన్ నంబరు ఎవరు మార్పించారు, ఎనిమిది వేలు నీ అన్న షాపుకి ఎలా వెళ్ళాయి? అబద్ధం రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. మా వకీలు మొదటి రోజే అన్నారు, "బాబూ, జరిగింది జరిగినట్టు చెప్పు. నీకున్నది అదొక్కటే."

ఆయన సలహాతోనే మా ఊరి స్టేషన్‌లో ఏజెంటు మీద ఫిర్యాదు ఇచ్చాం. పాత చాట్ చాలావరకు మాయమైంది, మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ పెట్టాడు. చిన్నోడు అదృష్టం కొద్దీ రేట్లు చెప్పిన మెసేజీనీ 'ఇంకో బ్యాంకులో ఓపెన్ చెయ్' అన్న మెసేజీనీ స్నేహితుడికి గొప్పగా స్క్రీన్‌షాట్ తీసి పంపాడట. అవి దొరికాయి. కిట్ పంపిన కొరియర్ రసీదు కూడా దొరికింది, దాని మీద వేరే రాష్ట్రం అడ్రసు. ఇవన్నీ చిన్నోడిని కేసు నుంచి తప్పించవు, కానీ పైన ఇంకొకరు ఉన్నారని చూపిస్తాయి.

మహారాష్ట్ర నుంచి బీఎన్ఎస్ఎస్ 35 కింద హాజరు కమ్మని నోటీసు వచ్చింది. అరెస్టు చెయ్యకుండా విచారణకి పిలిచే నోటీసు అది, వెళ్తే మామూలుగా విచారించి పంపుతారు, వెళ్ళకపోతే మాత్రం అరెస్టుకి దారి ఇచ్చినట్టు. చిన్నోడు వకీలుతో కలిసి వెళ్ళాడు. ఎవరికి ఇచ్చావు, ఎంత తీసుకున్నావు, ఇంకెవరి అకౌంట్లు ఇప్పించావు అని అడిగారట. ఆ మూడో ప్రశ్న చూడండి. స్నేహితుల అకౌంట్లు కూడా తెచ్చి కమీషన్ తిన్నవాడి పరిస్థితి వేరు. చిన్నోడు తేలేదు. తెస్తే రెండు వేలు అని ఆశ పెట్టారట.

ఈలోగా ఇంకో విషయం. మొదట ఒక్క ఫిర్యాదే అనుకున్నాం. బ్రాంచిలో అడిగినప్పుడల్లా ఇంకో నంబరు కనబడేది. రాజస్థాన్ నుంచి పాతిక వేలది, తమిళనాడు నుంచి ఐదు వేలది. మోసపోయినవాళ్ళు వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు రోజుల్లో ఫిర్యాదు పెడతారు, అకౌంటు మాత్రం ఒకటే. ప్రతి నంబరుకీ వేరే స్టేషన్, వేరే అధికారి, వేరే మెయిల్. ఒకరు తీసెయ్యమన్నా మిగతావి ఉంటాయి. అకౌంటులో ఉన్నదేమో, ఆ రాత్రి వచ్చిన ఐదు వందలూ మూడు వందలూ తప్ప, ఏమీ లేదు. కాబట్టి లీన్ల మొత్తం బ్యాలెన్సుని మించిపోయి, వాడుకోగలిగే మొత్తం మైనస్‌లో చూపిస్తోంది.

ఇంత జరిగినా పిన్నికి చెప్పలేదు. చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ధాన్యం డబ్బు ఆగింది. పిన్నికీ చిన్నోడికీ అదే బ్యాంకులో జాయింట్ అకౌంటు ఉంది. రబీ ధాన్యం అమ్మిన 1,12,000 అందులో పడ్డాయి, తీయబోతే రాలేదు. అప్పుడు నేను బ్రాంచిలో అడిగిన ప్రశ్న అందరూ అడగాల్సింది అనిపిస్తుంది. "ఈ అకౌంటుని పోలీసులు ఆపారా, మీరు ఆపారా?" చూస్తే జాయింట్ అకౌంటు మీద ఏ ఫిర్యాదు నంబరూ లేదు. చిన్నోడి కస్టమర్ ఐడీ మీద అనుమానం జెండా పడగానే దాని కిందున్నవన్నీ బ్యాంకే ఆపేసింది. పోలీసులు ఆపినదాన్ని బ్రాంచి మేనేజర్ తీయలేరు, ఎన్నిసార్లు బతిమాలినా లాభం లేదు. బ్యాంకు తనంతట తాను ఆపినదాన్ని మాత్రం పై ఆఫీసుకి రాసి తీయించగలరు. పిన్ని ధాన్యం కొనుగోలు రసీదు, పాస్‌బుక్, తన కేవైసీ పెట్టి లెటర్ ఇచ్చింది. పై ఆఫీసు నుంచి రెండుసార్లు ప్రశ్నలు వచ్చాక డబ్బు వదిలారు, చిన్నోడి పేరు ఆ అకౌంటులోంచి తీసేయించారు. పిన్ని వాడితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆవిడ బాధ డబ్బు ఆగినందుకు కాదు, కౌలు కట్టే టైముకి పొలం యజమాని ముందు తలదించుకోవాల్సి వచ్చినందుకు.

మధ్యలో ఒకడు ఫోన్ చేశాడు. అకౌంటు అన్‌ఫ్రీజ్ చేయిస్తాం, ఆగిన దాంట్లో ఇరవై శాతం ఇవ్వండి, ముందు ఐదు వేలు కట్టండి అని. వాడికి మా నంబరు, ఫిర్యాదు సంగతి ఎలా తెలిశాయో ఊహించడం కష్టం కాదు. అకౌంట్లు సేకరించినవాళ్ళ దగ్గర ఆగిపోయినవాళ్ళ జాబితా ఉంటుంది, దాన్నీ అమ్ముకుంటారు. వకీలు ఆ ఫోన్ రికార్డింగ్ కూడా ఫిర్యాదుకి జత చేయించారు.

చిన్నోడు ఇప్పుడు భీమవరంలో ఒక ఆక్వా కంపెనీలో చేరాడు. జీతం కోసం వేరే బ్యాంకులో అకౌంటు తెరవబోతే, ఫారం తీసుకున్నారు కానీ వెరిఫికేషన్ పెండింగ్ అంటున్నారు. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ క్రైమ్ కేంద్రం అనుమానిత వివరాల జాబితాని 2024 నుంచి బ్యాంకులకి అందుబాటులో పెట్టింది, అందులో వాడి పేరు చిక్కుకుందేమో అని వకీలు అంటున్నారు. ప్రస్తుతానికి కంపెనీ జీతం పిన్ని అకౌంటుకి వేస్తోంది, దానికి చిన్నోడు రాసిచ్చిన లెటర్ ఫైల్లో పెట్టుకుంది. తమిళనాడు ఫిర్యాదు తేలింది, అక్కడి వాళ్ళకి ఐదు వేలు తిరిగి కట్టి రసీదు తీసుకున్నాడు. రాజస్థాన్ నుంచి ఇంకా జవాబు లేదు. మహారాష్ట్ర కేసులో చార్జిషీటు వెయ్యలేదు. వేస్తే అక్కడి కోర్టుకి వాయిదాలకి తిరగాలి, రానూ పోనూ చార్జీలు, వకీలు ఫీజు కలిపితే ఒక్క వాయిదాకే ఆ ఎనిమిది వేల అద్దె దాటిపోతుందని చిన్నోడే లెక్కేశాడు. ఫోను బాకీ ఇంకా పదివేల ఐదు వందలు ఉంది. అది మాత్రం నగదుగా తీసుకుంటానని చెప్పాను.